9/25కీ 1/3కీ మధ్య: సంభావ్యత లెక్కలో రెండో దారి

ఇంటర్మీడియట్ చదివి ఎంట్రన్స్‌కు సిద్ధమయ్యే ప్రతి విద్యార్థికీ ఏదో ఒక రూపంలో ఎదురయ్యే లెక్క ఇది. 0, 1, 2, 3, 4, 5 అనే ఆరు అంకెలతో, ఏ అంకే రెండోసారి రాకుండా, ఐదంకెల సంఖ్యలన్నీ రాశాం. వాటిలోంచి ఒకదాన్ని యాదృచ్ఛికంగా తీస్తే అది 3తో నిశ్శేషంగా భాగించబడే సంభావ్యత ఎంత? ఆప్షన్లు నాలుగు: 3/10, 1/3, 9/25, 2/5. దశాంశాల్లోకి మారిస్తే ఇవి 0.30, 0.333, 0.36, 0.40. నాలుగూ పక్కపక్కనే ఉన్నాయి. సుమారుగా మూడింట ఒక వంతు ఉంటుందని ఊహించగలిగినవాడికి కూడా ఆ ఊహ ఇక్కడ ఏ ఆప్షన్‌నూ కొట్టేయదు. ఇలాంటి ప్రశ్నలకు జవాబు తెచ్చుకోవడం సగం పనే. తెచ్చుకున్న జవాబు సరైనదని ఎలా తెలుసుకోవాలన్నది మిగతా సగం. ఈ వ్యాసం ఆ రెండో సగం గురించి.

ముందు లెక్క చేద్దాం. ఆరు అంకెల మొత్తం 15. ఐదంకెల సంఖ్య రాయాలంటే ఆరింటిలో ఒక అంకెను వదిలేయాలి. మిగిలిన ఐదింటి మొత్తం 3కు గుణిజం కావాలంటే వదిలేసే అంకె 0 అయినా కావాలి, 3 అయినా కావాలి. 0 వదిలేస్తే 1, 2, 3, 4, 5లను 5! అంటే 120 విధాలుగా అమర్చవచ్చు. 3 వదిలేస్తే మిగిలిన ఐదింటిలో 0 ఉంది. అది మొదటి స్థానంలోకి రాకూడదు. కాబట్టి మొదటి స్థానానికి 4 అవకాశాలు, మిగిలిన నాలుగు స్థానాలకు 4! అమరికలు, మొత్తం 96. రెండూ కలిపితే 216. ఇక ఐదంకెల సంఖ్యలు మొత్తం ఎన్ని? మొదటి స్థానానికి 0 కాక 5 అవకాశాలు, ఆ తర్వాత 5, 4, 3, 2. గుణిస్తే 600. సంభావ్యత 216/600, అంటే 9/25.

మరి మిగిలిన మూడు భిన్నాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ప్రశ్న తయారుచేసినవారు వాటిని గాలిలోంచి తీసుకోలేదు. లవంలో 216 సరిగ్గానే తెచ్చుకుని, హారంలో మాత్రం సున్నా సంగతి మరిచి 6×5×4×3×2 అంటే 720 వేస్తే 3/10 వస్తుంది. హారంలో 600 సరిగ్గా వేసి, 3 వదిలేసిన సందర్భంలో 96కు బదులు 120 వేసుకుంటే లవం 240 అవుతుంది, జవాబు 2/5. రెండుచోట్లా సున్నాను మరిచిపోతే 240/720, అంటే 1/3. ఒకే ఒక్క చిన్న నిబంధనను ఒకచోట మరిచినా, రెండుచోట్లా మరిచినా దాని ఫలితం ఆప్షన్లలో సిద్ధంగా ఉంది. అందువల్ల ‘నాకు వచ్చిన జవాబు ఆప్షన్లలో ఉంది కాబట్టి సరైనదే’ అనే ధీమాకు ఇలాంటి ప్రశ్నలో ఏ విలువా లేదు. ఖాళీ పూరించే ప్రశ్నలో తప్పు చేసినవాడికి కనీసం అనుమానం మిగులుతుంది. ఇక్కడ తప్పు చేసినవాడికి తన జవాబు కళ్లెదుట అచ్చులో కనిపించి భరోసా ఇస్తుంది. దగ్గరదగ్గర భిన్నాలున్న ప్రశ్నలో ప్రమాదమంతా ఇందులోనే ఉంది.

చాలామంది చేసే సరిచూపు ఏమిటంటే, రఫ్ పేపర్ మీద చేసిన లెక్కనే పైనుంచి కిందికి మరోసారి చదవడం. గుణకారంలో తప్పుంటే అది దొరుకుతుంది. కాని సంభావ్యతలో తప్పులు ఎక్కువగా గుణకారంలో ఉండవు. దేన్ని లెక్కపెట్టాం, దేన్ని వదిలేశాం, దేన్ని రెండుసార్లు లెక్కపెట్టాం అన్నచోట ఉంటాయి. 120 అని రాసినప్పుడు ఏ ఆలోచన సున్నాను మరిచిపోయిందో, మళ్లీ చదివేటప్పుడూ అదే ఆలోచన నడుస్తుంది. 5! విలువ 120 అవునా కాదా అని చూసి, అవునని ముందుకు పోతుంది. కాబట్టి సరిచూడటమంటే అదే దారిన మళ్లీ నడవడం కాదని, మొదటి దారిలో తొక్కిన చోట్లను తొక్కకుండా అదే గమ్యానికి చేరడమని నా వాదం. అలాంటి రెండో దారి చాలాసార్లు మొదటిదానికంటే పొట్టిగా కూడా ఉంటుంది.

మన లెక్కకే ఆ దారి వెతుకుదాం. ఈసారి ప్రస్తారాలు వద్దు, క్రమగుణితాలు వద్దు. సంఖ్యను ఎడమ నుంచి ఒక్కో అంకే రాస్తున్నట్టు ఊహిద్దాం. మొదటి అంకె 1 నుంచి 5 వరకు ఏదైనా కావచ్చు. ఏది మొదట వచ్చినా తర్వాతి స్థానాలను నింపే విధాలు ఒకే సంఖ్యలో ఉంటాయి కాబట్టి ఐదింటికీ సమాన అవకాశం. మొదటి అంకె 3 అయ్యే సంభావ్యత 1/5. అప్పుడు మిగిలిన 0, 1, 2, 4, 5లలో ఒకటి బయట మిగిలిపోతుంది. అది 0 అయితేనే మనకు కావలసింది జరుగుతుంది, దానికి అవకాశం 1/5. మొదటి అంకె 3 కాకపోయే సంభావ్యత 4/5. అప్పుడు మిగిలిన ఐదంకెల్లో 0, 3 రెండూ ఉంటాయి. వాటిలో ఏది బయట మిగిలినా చాలు కాబట్టి 2/5. మొత్తం 1/25 + 8/25 = 9/25. రెండు వరుసల్లో అయిపోయింది. ఇక్కడ ముఖ్యమైన విషయం, ఈ దారిలో తొలి అడుగే మొదటి అంకె గురించి. మొదటి దారిలో సున్నా నిబంధన లెక్క మధ్యలో ఒక మూలన దాక్కుంది, మరిచిపోవడం తేలిక. రెండో దారిలో అది గుమ్మంలోనే నిలబడి ఉంది.

ఇంకో కోణం నుంచీ చూడవచ్చు. ఏ అంకె వదిలేశామన్నదాన్ని బట్టి 600 సంఖ్యలను ఆరు గుంపులు చేద్దాం. 0 వదిలేసిన గుంపులో 120 ఉన్నాయి. మిగిలిన ఐదు గుంపుల్లో ఒక్కోదానిలో 96 ఉన్నాయి. అంటే గుంపుల బరువులు 5, 4, 4, 4, 4, 4. మొత్తం 25, మనకు కావలసినవి 5, 4. జవాబు 9/25. హారంలోకి 25 ఎలా వచ్చిందో ఇప్పుడు కంటికి కనిపిస్తుంది. దీంతోపాటు 1/3 అనే ఆప్షన్ వెనుక రెండో తప్పు కూడా ఒకటి దాగి ఉందని తెలుస్తుంది. ‘వదిలేయడానికి ఆరు అంకెలున్నాయి, వాటిలో రెండు అనుకూలం, కాబట్టి 2/6’ అని ఒక్క ముక్కలో తేల్చేసేవారికి కూడా 1/3 వస్తుంది. వీరు సున్నా మొదట రాకూడదని మరిచిపోకపోవచ్చు. ఆ నిబంధన వల్ల ఆరు గుంపులు సమానంగా ఉండవన్నది మాత్రం గమనించలేదు. ఒకే తప్పు జవాబుకు రెండు వేరువేరు తప్పుదారులు ఉండటం ఈ విభాగంలో మామూలే. అందుకే ఎక్కువమందికి వచ్చింది కదా అని ఒక జవాబును నమ్మడానికి వీల్లేదు.

అసమానమైన సందర్భాలను సమానమనుకునే ఈ తప్పు సామాన్యులదే కాదు. ఫ్రెంచి గణితవేత్త దాలంబేర్ 1754లో, ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వానికి రాసిన వ్యాసంలో, నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక్కసారైనా బొమ్మ పడే సంభావ్యత 3/4 అన్న మామూలు లెక్కను సందేహించాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట అక్కడితో ఆగుతుంది. లేదా మొదట బొరుసు, తర్వాత బొమ్మ. లేదా రెండూ బొరుసులు. సందర్భాలు మూడే, అనుకూలం రెండు, కాబట్టి 2/3 కావాలన్నది ఆయన తర్కం. సందర్భాలు మూడన్నది నిజమే. కాని వాటి బరువులు 1/2, 1/4, 1/4. బరువులు వేసి కూడితే 3/4 వస్తుంది. పూరక ఘటన వైపు నుంచి వస్తే ఇంకా సులువు: రెండూ బొరుసులు పడే సంభావ్యత 1/4, ఒకటిలోంచి తీసేస్తే 3/4. గణితంలో అంత పేరున్న మనిషి కూడా తన దారిలో తాను తిరిగితే 2/3 దగ్గరే ఆగిపోయాడు. ఆయన సందర్భాలను ఏరిన తీరుతో ఈ పూరక ఘటన దారికి సంబంధం లేదు కాబట్టే అది తప్పును పట్టగలుగుతుంది.

రెండో పద్ధతి విలువకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం సంభావ్యతా శాస్త్రం పుట్టిన ఏడాదిలోనే ఉంది. 1654లో పారిస్‌లో ఉన్న పాస్కల్‌కూ, తులూజ్‌లో న్యాయాధికారిగా ఉన్న ఫెర్మాకూ మధ్య ఉత్తరాలు నడిచాయి. విషయం, మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెం సొమ్మును ఎలా పంచాలన్నది. ఫెర్మా పద్ధతి, ఇంకా జరగగల ఆటలన్నీ ఊహించి ఫలితాల వరుసలన్నిటినీ లెక్కపెట్టడం. పాస్కల్ పద్ధతి, చివరి నుంచి వెనక్కి ఒక్కో ఆటే వస్తూ ప్రతి మెట్టు దగ్గరా విలువ కట్టడం. ఇద్దరు ఆటగాళ్లకు రెండు పద్ధతులూ ఒకే జవాబిచ్చాయి. ముగ్గురి దగ్గరికి వచ్చేసరికి తేడా వచ్చింది. ‘క’ గెలవడానికి ఒక్క ఆట చాలు. ‘ఖ’, ‘గ’లకు చెరి రెండు ఆటలు కావాలి. ప్రతి ఆటలో ముగ్గురికీ సమాన అవకాశం. 1654 ఆగస్టు 24న రాసిన ఉత్తరంలో పాస్కల్, ఫెర్మా పద్ధతిని తాను అర్థం చేసుకున్న విధంగా వాడితే 27 వంతుల్లో ‘క’కు 16, మిగిలిన ఇద్దరికీ చెరి ఐదున్నర వస్తున్నాయనీ, తన పద్ధతిలో మాత్రం 17, 5, 5 వస్తున్నాయనీ రాశాడు. 16/27కూ 17/27కూ తేడా 0.04 కన్నా తక్కువ. నేటి ప్రశ్నపత్రంలో పక్కపక్కన అచ్చువేయదగ్గ భిన్నాలు ఇవి.

తేడా ఎక్కడుంది? ఎక్కువలో ఎక్కువ మూడు ఆటల్లో విషయం తేలుతుంది కాబట్టి వరుసలు 27. వాటిలో ‘క’ ఒకసారి, ‘ఖ’ రెండుసార్లు గెలిచే వరుసలు మూడు: కఖఖ, ఖకఖ, ఖఖక. వీటిలో ఇద్దరికీ కావలసినన్ని ఆటలు వచ్చాయి కాబట్టి పాస్కల్ వాటిని ఇద్దరికీ సగంసగం పంచాడు. ‘గ’తో వచ్చే మూడు వరుసలకూ అలాగే చేశాడు. నిజానికి ఎవరు ముందు చేరారన్నదే ఇక్కడ ప్రశ్న. మొదటి రెండు వరుసల్లో ‘క’ ముందు గెలిచాడు, మూడోదానిలోనే ‘ఖ’ గెలిచాడు. మూడింటిలో ‘క’కు ఒకటిన్నర కాక రెండు దక్కాలి. ‘ఖ’ వైపు అర, ‘గ’ వైపు అర కలిస్తే 16 కాస్తా 17 అవుతుంది. సెప్టెంబరు 25 నాటి జవాబులో ఫెర్మా ఈ వరుస సంగతి వివరించి, మూడో దారి కూడా చూపించాడు. ‘క’ మొదటి ఆటలోనే గెలిచే సంభావ్యత 1/3, రెండో ఆటలో 2/9, మూడో ఆటలో 2/27. కూడితే 17/27.

ఈ ఉదంతంలో గమనించవలసినవి రెండున్నాయి. 16 అన్న లెక్కలో కూడికల తప్పు ఏదీ లేదు. 16, ఐదున్నర, ఐదున్నర కలిపితే చక్కగా 27 వస్తాయి. మొత్తం సరిపోయింది కదా అని చూసేవాడికి అది దొరకదు. ఇక రెండోది, పాస్కల్ రెండు జవాబుల మధ్య తేడా చూసి ఏది నచ్చితే దాన్ని ఎంచుకోలేదు. ఆ తేడాను ఒక ప్రశ్నగా మార్చి పంపాడు. ఫెర్మా పద్ధతి ముగ్గురికి పనికిరాదేమోనన్నది ఆయన అనుమానం. ఆ అనుమానం తప్పే అయింది. కాని తేడా కనిపించింది కాబట్టే, వరుస ముఖ్యమన్న విషయం బయటపడింది. రెండు పద్ధతులు విభేదించినప్పుడు తేడా పరిమాణమే తప్పు ఉన్నచోటును చూపిస్తుంది.

మన ఐదంకెల లెక్కలోనూ ఇదే జరుగుతుంది. అనుకూలం కాని సంఖ్యలను విడిగా లెక్కపెట్టి చూద్దాం. 1, 2, 4, 5లలో ఏది వదిలేసినా 96 చొప్పున, మొత్తం 384. సరైన లెక్కలో 216కు 384 కలిపితే 600. 3/10 తెచ్చుకున్నవాడి హారం 720. అతనికి 216, 384 కలిపితే 120 తక్కువ పడతాయి. సున్నాతో మొదలయ్యే అమరికలు సరిగ్గా 120. 2/5 తెచ్చుకున్నవాడి లవం 240. దానికి 384 కలిపితే 624, హారం కంటే 24 ఎక్కువ. 3 వదిలేసి సున్నాతో మొదలుపెట్టిన అమరికలు సరిగ్గా 24. తేడా కేవలం ‘తప్పు ఉంది’ అని చెప్పి ఊరుకోలేదు, ఏ గుంపును పొరపాటున చేర్చామో దాని లెక్కతో సహా పట్టి ఇచ్చింది. లవం ఒక ప్రపంచంలో, హారం మరో ప్రపంచంలో లెక్కపెట్టినప్పుడు పూరక ఘటనను విడిగా లెక్కించడం అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష. ‘విడిగా’ అన్నది ఇక్కడ కీలకం. 1 లోంచి మన జవాబును తీసేసి, మళ్లీ దాన్ని కలిపి 1 వచ్చిందని సంతోషించడం పరీక్ష కాదు.

ఇప్పుడు ఈ వాదానికి ఎదురయ్యే బలమైన అభ్యంతరాన్ని చూడాలి. రెండు పద్ధతులూ ఒకే తప్పు జవాబు ఇస్తే? అది జరుగుతుంది, మన ఉదాహరణలోనే జరుగుతుంది. ఐదంకెల సంఖ్య సున్నాతో మొదలుకాదన్న విషయమే మనసులో లేనివాడు అనుకూలమైనవి 240, కానివి నాలుగు గుంపుల్లో 120 చొప్పున 480 వేస్తాడు. కలిపితే 720. పూరక పరీక్ష అతన్ని పాస్ చేసేస్తుంది. పోనీ ఎడమ నుంచి ఒక్కో అంకే రాసే పద్ధతిలో వస్తే, మొదటి అంకెకు ఆరు అవకాశాలు అనుకుంటాడు. అది 0 గానీ 3 గానీ అయితే ఆ తర్వాత 1/5, మిగిలిన నాలుగింటిలో ఏదైనా అయితే 2/5. కూడితే 2/30 + 8/30, మళ్లీ 1/3. మూడు దారులూ ఒకే తప్పు ఊరికి చేర్చాయి. కారణం స్పష్టం. తప్పు లెక్కలో లేదు, ప్రశ్న చదవడంలో ఉంది. దారులు ఎన్ని మారినా బయల్దేరిన చోటు అదే. పద్ధతులు వేరైతే సరిపోదు, అవి ఆధారపడే ఊహలు వేరు కావాలి. ఆ అర్థంలో చూస్తే సంయోగాలతో చేసిన లెక్కను ప్రస్తారాలతో మళ్లీ చేయడం కొన్నిసార్లు నిజమైన రెండో దారి అవుతుంది, కొన్నిసార్లు అదే లెక్కకు వేరే చొక్కా తొడగడమే అవుతుంది.

ప్రశ్నను చదవడంలోని తప్పుకు మందు సూత్రాల్లో దొరకదు, చేత్తో రాసిన జాబితాలో దొరుకుతుంది. అదే ప్రశ్నను కుదించాలి. 0, 1, 2 అనే మూడు అంకెలతో రెండంకెల సంఖ్యలు రాయమంటే కాగితం మీద 10, 12, 20, 21 వస్తాయి. 01 అని రాయబోయే చెయ్యి అక్కడే ఆగుతుంది, ఎందుకంటే అది రెండంకెల సంఖ్య కాదని కన్ను చెబుతుంది. నాలుగింటిలో 12, 21 మాత్రమే 3తో పోతాయి కాబట్టి సంభావ్యత 1/2. సున్నాను మరిచిన పద్ధతిలో ఇదే చిన్న ప్రశ్నకు 2/6, అంటే 1/3 వస్తుంది. తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెద్ద ప్రశ్నలో 0.36, 0.333గా కలిసిపోయిన రెండు ఆలోచనలు చిన్న ప్రశ్నలో సగంగా, మూడో వంతుగా విడిపోయాయి. అంకెల సంఖ్య తగ్గేకొద్దీ ఒక్కో నిబంధన బరువు పెరుగుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది.

దగ్గరదగ్గర ఆప్షన్లు ఎందుకు పుడతాయన్నదానికి కూడా జవాబు ఇందులోనే ఉంది. సంచిలో 7 ఎర్ర బంతులు, 5 నల్ల బంతులు ఉన్నాయి. రెండు తీస్తే వేరువేరు రంగులు వచ్చే సంభావ్యత ఎంత? తీసిన బంతిని తిరిగి వేయకపోతే 35/66. తిరిగి వేస్తే 35/72. లవం ఒకటే, హారంలో చిన్న తేడా; 0.53కూ 0.49కూ ఉన్నంత. బంతులను పది రెట్లు చేసి 70, 50 అనుకుంటే ఆ రెండు జవాబులు 0.490, 0.486 అవుతాయి. సంచి పెద్దదయ్యేకొద్దీ ఒక బంతి పోవడం వల్ల వచ్చే మార్పు తగ్గిపోతుంది. జవాబును సుమారుగా అంచనా వేసి సరిచూసుకోవడం మంచి అలవాటే. కాని సరైన ఆలోచనకూ తప్పు ఆలోచనకూ మధ్య ఉన్న తేడా స్వభావరీత్యానే చిన్నదైనచోట ఆ అంచనా సాయపడదు. రెండు పాచికలు వేస్తే కనీసం ఒకదానిపై 6 పడే సంభావ్యతకు 5/18, 11/36, 1/3 అని ఆప్షన్లు ఇస్తే, ఉమ్మడి హారంలో అవి 10/36, 11/36, 12/36. ఖచ్చితంగా ఒక్కటే 6 అనుకున్నవాడు మొదటిది, రెండు 6లు పడిన సందర్భాన్ని రెండుసార్లు లెక్కపెట్టినవాడు మూడోది గుర్తిస్తారు. ఏ అంచనా ఈ మూడింటినీ విడదీయలేదు. ఒక్క 6 కూడా పడని 25 సందర్భాలను 36లోంచి తీసేసేవాడికి మాత్రం రెండుసార్లు లెక్కపెట్టే అవకాశమే రాదు.

ఇక పరీక్ష రాసేవారందరూ వేసే ప్రశ్న, సమయం ఎక్కడుందని. ఇంజనీరింగ్ ఎంసెట్‌లో, ఇప్పుడు ఈఏపీసెట్‌లో, మూడు గంటలకు 160 ప్రశ్నలు. ఒక్కోదానికి నిమిషం మీద కొన్ని సెకన్లు. ప్రతి బిట్‌నూ రెండుసార్లు చేయమనడం అన్యాయమే, ఆ మాట నేనూ అనను. రెండో దారి అవసరమైన ప్రశ్నలను ఆప్షన్లే చూపిస్తాయి. 1/7, 2/3, 5/6 అని దూరదూరంగా ఉన్నప్పుడు సుమారు అంచనా చాలు. నాలుగూ ఒకచోట గుమిగూడి ఉన్నప్పుడు, ఒక నిబంధనను అక్కడక్కడ మరిచిపోతే వచ్చే ఫలితాలే అవి అని అనుమానించాలి. అప్పుడు కూడా మొత్తం లెక్క మళ్లీ చేయనక్కర్లేదు. పై ఉదాహరణలో 1/25 + 8/25 రాయడానికి అర నిమిషం పట్టదు. ఈఏపీసెట్‌లో మైనస్ మార్కులు లేవు కాబట్టి గుడ్డిగా గుర్తించినా నష్టం లేదనవచ్చు. అది జవాబు అసలు తెలియనివాడికి వర్తిస్తుంది. లెక్కంతా చేసి, పట్టాల్సిన సమయమంతా పెట్టి, చివర్లో పక్క భిన్నాన్ని గుర్తించినవాడు సమయాన్నీ మార్కునూ రెంటినీ పోగొట్టుకుంటాడు. జేఈఈ మెయిన్ లాంటి పరీక్షలో అదనంగా ఒక మార్కు కూడా పోతుంది.

షార్ట్‌కట్ సూత్రాలను నమ్ముకున్నవారు మరో మాట అంటారు: హారాన్ని బట్టి ఆప్షన్లను కొట్టేయవచ్చు కదా అని. శాంపుల్ ఆవరణలో 600 ఉంటే జవాబు హారం 600ను భాగించాలి; 7, 11 ఉన్న హారాలు రావు. మాట నిజమే, పనికొచ్చే పరీక్షే. అయితే మన నాలుగు ఆప్షన్ల హారాలు 10, 3, 25, 5. నాలుగూ 600ను భాగిస్తాయి. మరీ ముఖ్యంగా, ఆ 600 అన్నదే సరైనదో కాదో ఈ పరీక్ష చెప్పదు. హారం 720 అనుకున్నవాడు 25 దాన్ని భాగించదు కాబట్టి సరైన జవాబునే మొదట కొట్టేస్తాడు. తప్పు పునాది మీద పెట్టిన మంచి పరీక్ష నిజాన్నే బయటికి పంపేస్తుంది.

అలాగని ప్రశ్నలోని ప్రతి సందిగ్ధం జవాబును మార్చేస్తుందనుకోవడం కూడా పొరపాటు. ఎనిమిదిమంది గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుంటే ఇద్దరు నిర్దిష్ట వ్యక్తులు పక్కపక్కన ఉండే సంభావ్యత అడిగారనుకుందాం. కుర్చీలకు నంబర్లున్నాయా లేవా అన్న చర్చ వెంటనే మొదలవుతుంది. నంబర్లు లేకపోతే అమరికలు 7!, అనుకూలం 2×6!. నంబర్లుంటే అమరికలు 8!, అనుకూలం 8×2×6!. రెండు విధాలా 2/7. లవమూ హారమూ ఒకే 8తో పెరిగాయి కాబట్టి చర్చ వల్ల జవాబు మారలేదు. రెండో దారిలో అసలు ఆ చర్చే రాదు: ఒకరిని కూర్చోబెట్టాక రెండోవారికి మిగిలిన కుర్చీలు 7, వాటిలో పక్కవి 2. బల్లకు బదులు వరుస అనుకున్నవాడికి మాత్రం 2×7!/8! అంటే 1/4 వస్తుంది, అది ఆప్షన్లలో 2/7 పక్కనే ఉంటుంది. అతన్నీ రెండో దారిలో నడిపిస్తే, ఒకరిని కూర్చోబెట్టిన వెంటనే ఆ మనిషి చివర కూర్చున్నాడా మధ్యలో కూర్చున్నాడా అని ఆగి అడగవలసి వస్తుంది. గుండ్రటి బల్లకు చివర అనేది లేదు కదా అని అప్పుడు గుర్తొస్తుంది.